కాలనీ మీటింగ్‌లో నీళ్ల టైములు చెప్పేటప్పుడు

"ఇకనుంచి రోజు విడిచి రోజు నీళ్లు" అని చెప్పి ఊరుకోకండి. ఈ వారం సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లో వస్తే వచ్చే వారం మంగళ, గురు, శనివారాల్లో వస్తాయి. చాలామంది సోమవారమే గుర్తుపెట్టుకుని రెండో వారం ఖాళీ బిందెలతో ఎదురుచూస్తారు. బేసి తేదీలని చెప్పినా 31 తర్వాత 1 వచ్చి లెక్క తప్పుతుంది. అందుకే రెండు వారాల రోజులూ నిదానంగా చదవండి, హిందీవాళ్లుంటే హిందీలో కూడా. రాత్రి 1 గంటకు వదిలేట్టయితే "ఆదివారం రాత్రి పడుకున్నాక" అనండి. "సోమవారం 1 గంట" అంటే మధ్యాహ్నమనుకుంటారు. చివర్లో వెనక కూర్చున్న పెద్దావిడని "అమ్మా, వచ్చే గురువారం నీళ్లొస్తాయా?" అని అడగండి. ఆవిడ తడబడితే అందరికీ మళ్లీ చదవాల్సిందే.