యంత్రం తరుగుదల రేటు రెండు పద్ధతుల్లో ఎలా కట్టాలి?

వరంగల్ చుట్టుపక్కల రైస్ మిల్లుల లెక్కల పుస్తకాల్లో ఒక పొరపాటు నాకు తరచూ ఎదురవుతూ ఉంటుంది. పాత గుమాస్తా స్థిర వాయిదాల పద్ధతిలో ఏటా 9 శాతం చొప్పున తరుగుదల రాస్తూ వస్తాడు. తరువాత వచ్చినవాడు తగ్గుతున్న నిల్వల పద్ధతికి మారి, రేటును మాత్రం అదే 9 శాతంగా ఉంచేస్తాడు. అంకె ఒకటే అయినా ఒక చోట అది యంత్రం అసలు ఖరీదు మీద, మరో చోట ప్రతి ఏడాదీ మిగిలిన విలువ మీద పడుతుంది గనుక, పదేళ్లకు రెండు లెక్కల మధ్య తేడా లక్షల్లోకి చేరుతుంది. అందువల్ల రేటును ముందుగా ఎంచుకోకూడదు, దానిని లెక్కగట్టి రాబట్టాలి. ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం.

బియ్యంలో నల్ల గింజలను, రంగు మారిన గింజలను ఏరివేసే కలర్ సార్టర్‌ను ఒక మిల్లు యజమాని కొన్నారనుకుందాం. మొదటి పని దాని పూర్తి ఖరీదును తేల్చడం. యంత్రం ధర 8,60,000 రూపాయలు, లారీ కిరాయి, దింపుడు కూలి కలిపి 40,000, దిమ్మె కట్టడానికి, కరెంటు వైరింగుకు 60,000, బిగించి నడిపి చూపినందుకు 40,000. మొత్తం 10,00,000 రూపాయలు. యంత్రం పనికి సిద్ధమయ్యేదాకా అయిన ఖర్చంతా ఇందులోకి వస్తుంది. ఏటా కట్టే బీమా, తరువాత జరిగే రిపేర్లు రావు. జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుంటే దానినీ ఖరీదులో కలపకూడదు.

రెండవ పని, యంత్రం ఎన్నేళ్లు పనిచేస్తుందో, ఆ తరువాత అమ్మితే ఎంత వస్తుందో అంచనా వేయడం. ఇక్కడ ఆయుష్షు 10 ఏళ్లు, చివరి విలువ 1,00,000 రూపాయలు అనుకుందాం. ఇది పూర్తిగా అంచనాయే కాబట్టి, అదే రకం పాత యంత్రాన్ని అమ్మిన మిల్లు వారిని ఒకరిద్దరిని అడిగి వేసుకుంటే లెక్క నేల మీద నిలుస్తుంది.

స్థిర వాయిదాల పద్ధతిలో మిగతా లెక్క సులువు. పది లక్షల్లోంచి లక్ష తీసివేస్తే తొమ్మిది లక్షలు. దానిని పదేళ్లకు పంచితే ఏడాదికి 90,000, అంటే అసలు ఖరీదులో 9 శాతం. కొందరు దీనినే "10 శాతం" అంటారు. వారు తొమ్మిది లక్షల మీద పది శాతం కడుతున్నారు గనుక వారి లెక్కా తప్పు కాదు. శాతం చెప్పినప్పుడల్లా అది దేని మీద అన్నది కూడా రాసి పెట్టుకోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

తగ్గుతున్న నిల్వల పద్ధతిలో మనకు కావలసింది, ఏటా మిగిలిన విలువలోంచి కోస్తూ పోతే పదో ఏడాది చివరికి సరిగ్గా లక్ష దగ్గర ఆగే రేటు. చివరి విలువను ఖరీదుతో భాగించి, వచ్చిన దానికి పదో మూలం కట్టి, ఆ అంకెను 1 లోంచి తీసివేస్తే ఆ రేటు వస్తుంది. ఎక్సెల్‌లో ఇలా టైపు చేయాలి:

```
=1-(100000/1000000)^(1/10)
```

జవాబు 0.2057, అంటే 20.57 శాతం. ఇక్కడ ఖరీదులోంచి లక్షను ముందే తీసివేయకూడదు, ఎందుకంటే చివరి విలువ రేటులోనే ఇమిడిపోయింది. చివరి విలువను సున్నా అని వేస్తే ఈ సూత్రం 100 శాతం చూపుతుంది. మిగిలిన దానిలో కొంత భాగాన్ని మాత్రమే కోసే పద్ధతి ఎన్నటికీ సున్నాకు చేరదు గనుక, కనీసం తుక్కు విలువైనా వేయక తప్పదు.

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది (రూపాయల్లో):

| ఏడాది | స్థిర వాయిదా | మిగిలిన విలువ | తగ్గే నిల్వపై తరుగుదల | మిగిలిన విలువ |
|---|---|---|---|---|
| 1 | 90,000 | 9,10,000 | 2,05,700 | 7,94,300 |
| 2 | 90,000 | 8,20,000 | 1,63,388 | 6,30,912 |
| 3 | 90,000 | 7,30,000 | 1,29,779 | 5,01,133 |
| 4 | 90,000 | 6,40,000 | 1,03,083 | 3,98,050 |
| 5 | 90,000 | 5,50,000 | 81,879 | 3,16,171 |

ఐదో ఏడాదిలో కుడివైపు తరుగుదల 90,000 కన్నా కిందికి దిగింది. పదో ఏడాదికి అది సుమారు 26,000 అవుతుంది, మిగిలిన విలువ లక్షకు కొన్ని పదుల రూపాయల తేడాలో ఉంటుంది. రేటును రెండు దశాంశాలకు కుదించినందువల్ల వచ్చిన ఆ తేడాను చివరి ఏడాదిలో సర్దుతారు. కలర్ సార్టర్‌కు నేనైతే ఈ రెండో పద్ధతినే ఎంచుకుంటాను, ఎందుకంటే కొత్త మోడల్ రాగానే పాతదాని ధర తొలి ఏళ్లలోనే పడిపోతుంది, కెమెరాలకు, గాలి కవాటాలకు రిపేర్లు ముదిరే ఏళ్లలో తరుగుదల తక్కువగా ఉండి మొత్తం భారం కాస్త సమంగా సర్దుకుంటుంది.

మొదట చెప్పిన పొరపాటు ఎంత దూరం పోతుందో చూడండి. మిగిలిన విలువ మీద 9 శాతమే కోస్తూ పోతే పదేళ్ల తరువాత కూడా పుస్తకంలో 3,89,416 రూపాయలు నిలిచి ఉంటాయి. ఆ రోజు యంత్రం లక్షకు అమ్ముడుపోతే, 2,89,416 రూపాయల నష్టం ఒక్క ఏడాది నెత్తిన పడుతుంది. అంతకు ముందు పదేళ్ల లాభాలను అంత మేరకు ఎక్కువ చేసి చూపించామన్నమాట. దీనికి తిరగబడిన తప్పు, 20.57 శాతాన్ని ఏటా అసలు ఖరీదు మీద కోయడం. ఇది తొందరగానే బయటపడుతుంది, ఎందుకంటే ఐదో ఏడాదికి మొత్తం తరుగుదల 10,28,500 అయి, యంత్రం విలువ సున్నా కన్నా కిందికి పోతుంది.

మిల్లు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే ఆయుష్షు అంచనాకు 2013 కంపెనీల చట్టం రెండవ షెడ్యూలును చూడాలి. సాధారణ యంత్రాలకు అది 15 ఏళ్లు సూచిస్తుంది, చివరి విలువ మామూలుగా ఖరీదులో 5 శాతానికి మించకూడదంటుంది. ఆడిటర్ల పట్టికల్లో జంటగా కనిపించే 6.33 శాతం, 18.10 శాతం అక్కడినుంచి వచ్చినవే. మొదటిది 95 ను 15 తో భాగిస్తే వస్తుంది, రెండోది పై సూత్రంలో 0.05, 15 వేస్తే వస్తుంది.

యంత్రం ఏడాది మధ్యలో వస్తే మొదటి ఏడాది తరుగుదలను నెలల లెక్కన తగ్గించాలి. వానాకాలం వడ్ల కోసమని బిగించినది డిసెంబరు 1న నడక మొదలుపెడితే, మార్చి చివరికి నాలుగు నెలలే కాబట్టి స్థిర వాయిదాలో 30,000, తగ్గుతున్న నిల్వలో 68,567 రాయాలి. రెండో ఏడాది రేటు 9,31,433 మీద పడుతుంది.

ఆదాయపు పన్ను లెక్క మాత్రం వేరే దారిలో నడుస్తుంది. అక్కడ సాధారణ యంత్రాలకు రేటు 15 శాతం, అదీ తగ్గే నిల్వ మీదే. యంత్రం ఆ ఏడాదిలో 180 రోజుల కన్నా తక్కువ వాడుకలో ఉంటే సగం రేటే వస్తుంది. డిసెంబరులో మొదలైన మన యంత్రానికి 75,000 రూపాయలే వస్తాయి, మరుసటి ఏడాది 9,25,000 మీద 1,38,750. ఈ అంకెలను మిల్లు సొంత పుస్తకంలోకి ఎక్కించకుండా, పన్ను పట్టికను వేరే పేజీలో నడపాలి.