మెగ్నీషియం ఎక్కుతుండగా బీపీ పడిపోతే: పిల్లల తీవ్ర ఆస్తమాలో సమస్య - పరిష్కారం

గంటలో మూడు సార్లు సాల్బుటమాల్, ఇప్రాట్రోపియం కలిపి నెబ్యులైజ్ చేశారు. స్టెరాయిడ్ ఇచ్చారు, ఆక్సిజన్ నడుస్తోంది. అయినా పిల్లాడు రెండు మాటలు కలిపి మాట్లాడలేకపోతున్నాడు, డొక్కలు లోపలికి పోతున్నాయి. సాధారణంగా ఆ దశలోనే మెగ్నీషియం సల్ఫేట్‌ను నరం ద్వారా ఎక్కించాలని అనుకుంటాం. ఇది బిగుసుకుపోయిన శ్వాసనాళాల కండరాన్ని వదులు చేస్తుంది. రక్తనాళాల గోడల్లో ఉన్నదీ అలాంటి కండరమే, కాబట్టి వాటినీ వదులు చేస్తుంది. కింద చెప్పే ఇబ్బందుల్లో చాలావరకు ఇక్కడి నుంచే వస్తాయి.

ఇది పిల్లల వార్డుల్లో, క్యాజువాలిటీల్లో పనిచేసే డ్యూటీ డాక్టర్ల కోసం, సిస్టర్ల కోసం రాస్తున్నాను. మీ ఆసుపత్రి ప్రోటోకాల్‌లో డోసు, సమయం కొంచెం వేరుగా ఉంటే దాన్నే పాటించండి. నేను ఇక్కడ తీసుకున్నది కేజీకి 50 మి.గ్రా., గరిష్ఠంగా 2 గ్రాములు. 20 నిమిషాల నుంచి గంట లోపు ఎక్కించవచ్చు. నేను 30 నిమిషాలు పెట్టుకుంటాను.

మొదలుపెట్టకముందే వచ్చే సమస్య: లెక్క

ఆరేళ్ల బాబు అనుకుందాం. వయసును బట్టి బరువు అంచనా వేసే సూత్రం ప్రకారం, అంటే వయసును రెట్టింపు చేసి 8 కలిపితే, 20 కేజీలు రావాలి. తూకం వేస్తే 18 కేజీలే. మన దగ్గర ఈ తేడా మామూలే, రెండు వైపులా ఉంటుంది. పిల్లాడు తూకం మీద నిలబడలేకపోతే తల్లి ఎత్తుకుని ఒకసారి, తల్లి ఒక్కతే ఒకసారి తూగితే అర నిమిషంలో తేలిపోతుంది. ఆ అర నిమిషం తీసుకోండి.

18ని 50తో గుణిస్తే 900 మి.గ్రా. మన దగ్గర ఎక్కువగా దొరికే ఆంప్యూల్ 50 శాతం, 2 మి.లీ., అందులో ఒక గ్రాము. అంటే ఒక్కో మి.లీ.లో 500 మి.గ్రా. కాబట్టి 900 మి.గ్రా. అంటే 1.8 మి.లీ. దానికి 48.2 మి.లీ. నార్మల్ సెలైన్ కలిపి 50 మి.లీ. సిరంజిలో నింపి, సిరంజి పంపును గంటకు 100 మి.లీ. మీద పెడితే 30 నిమిషాల్లో అయిపోతుంది. పంపు లేకపోతే బ్యూరెట్ సెట్‌లో ఆ 50 మి.లీ. మాత్రమే నింపి, మైక్రోడ్రిప్‌లో నిమిషానికి 100 చుక్కలు. బ్యూరెట్‌లో డోసుకు మించి ఉంచకపోతే, రోలర్ జారిపోయినా అదనపు మందు లోపలికి వెళ్లదు. లేబుల్ మీద వేరే శాతం కనిపిస్తే మాత్రం ఈ మి.లీ. లెక్క పనికిరాదు, మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి.

ఇక్కడ పదింతల పొరపాటు జరిగే అవకాశం ఉంది: 1.8కి బదులు 18. దాన్ని పట్టుకోవడానికి ఆంప్యూళ్లు లెక్కపెట్టడం కంటే సులువైన దారి నాకు కనిపించలేదు. గరిష్ఠ డోసు 2 గ్రాములు అంటే రెండు ఆంప్యూళ్లు. ఆస్తమా పిల్లవాడికి మూడో ఆంప్యూల్ పగలగొట్టాల్సి వస్తోందంటే లెక్క తప్పింది, అక్కడే ఆగండి.

ఇంకో మాట. చాలా ఆసుపత్రుల్లో ఈ ఆంప్యూళ్లు లేబర్ రూమ్ నుంచి వస్తాయి. అక్కడ గుర్రపు వాతం వచ్చిన తల్లికి 8 మి.లీ. మందులో 12 మి.లీ. సెలైన్ కలిపి, 4 గ్రాములు కొద్ది నిమిషాల్లో ఇవ్వడం చేతికి అలవాటైన పని. అదే చెయ్యి పిల్లల వార్డుకు వస్తే డోసు, వేగం రెండూ మారాలి. అందుకే సిరంజి మీద ‘900 మి.గ్రా., 30 నిమిషాలు’ అని రాసి అంటించి, ఇంకొకరి చేత లెక్క చూపించుకోవాలి.

లక్షణం: ఎక్కించిన 10 నిమిషాలకు బీపీ పడిపోయింది

మొదలుపెట్టే ముందు ఒక బీపీ, ఎక్కుతున్నంత సేపూ ప్రతి 5 నిమిషాలకు ఒకటి, అయిపోయాక కనీసం గంట పాటు ప్రతి 15 నిమిషాలకు ఒకటి చూడాలి. ఒకటి నుంచి పదేళ్ల పిల్లలకు తక్కువ బీపీ ఎంతో గుర్తుంచుకోవడం తేలిక: వయసును రెట్టింపు చేసి 70 కలపండి. మన ఆరేళ్ల బాబుకు పై అంకె 82 కంటే తగ్గితే అది తక్కువే. పదేళ్లు దాటితే 90.

బాబుకు మొదట 98/52 ఉంది. పది నిమిషాలకు 80/34 చూపించింది. సిస్టర్ వెంటనే పంపు ఆపేసింది. సరైన పని. ఆపడం వల్ల ఏమీ నష్టపోము, మందు సిరంజిలోనే ఉంటుంది.

తర్వాత పిల్లాడిని చూడాలి, ఆపైన కఫ్‌ను. చేతికి పెద్దదైన కఫ్ తక్కువ చూపిస్తుంది, చిన్నది ఎక్కువ చూపిస్తుంది. కఫ్ లోపలి గాలి సంచి వెడల్పు చేతి చుట్టుకొలతలో దాదాపు 40 శాతం ఉండాలి. డ్రిప్ ఉన్న చేతికి కఫ్ కట్టకండి, ఉబ్బిన ప్రతిసారీ మందు ఆగిపోతుంది, పంపు అలారం మోగుతుంది. తీవ్రమైన ఆస్తమాలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఊపిరి లోపలికి పీల్చినప్పుడు పై అంకె 20 దాకా, అంతకంటే ఎక్కువ కూడా పడిపోవచ్చు. మెషిన్ ఆ క్షణంలో కొలిస్తే ఒక అంకె, తర్వాత కొలిస్తే ఇంకో అంకె. కాబట్టి సరైన కఫ్‌తో వెంటనే రెండోసారి చూడండి. వీలైతే చేత్తో ఒకసారి.

రెండోసారి కూడా 80 దగ్గరే ఉంది. చేతులు వెచ్చగా ఉన్నాయి, ముఖం ఎర్రబడింది, నాలుక ఎండిపోయింది. తల్లిని అడిగితే, ‘‘పొద్దున్నుంచి నీళ్లు కూడా తాగలేదు సార్, తాగిందల్లా కక్కేశాడు’’ అంది. ఇదే అసలు కారణం. వేగంగా ఊపిరి తీసే పిల్లాడు ఒంట్లో నీరు పోగొట్టుకుంటాడు, తాగలేడు. దాని మీద సాల్బుటమాల్ ఎక్కువ మోతాదులో పడింది, అది కూడా రక్తనాళాలను వదులు చేసి కింది అంకెను బాగా తగ్గిస్తుంది. ఇప్పుడు మెగ్నీషియం తోడైంది. గొట్టాలు వెడల్పయ్యాయి, నింపడానికి లోపల సరిపడా నీరు లేదు.

పరిష్కారం: కాళ్లు కొంచెం ఎత్తి పెట్టండి. పిల్లాడిని వెల్లకిలా పడుకోబెట్టవద్దు, కూర్చుంటేనే వాడికి ఊపిరి ఆడుతుంది. కేజీకి 10 మి.లీ. నార్మల్ సెలైన్, అంటే 180 మి.లీ., 10-15 నిమిషాల్లో ఇచ్చాం. తర్వాత బీపీ 94/44. ఆపేసరికి దాదాపు 17 మి.లీ. మందు వెళ్లింది, 33 మి.లీ. మిగిలింది. దాన్ని సగం వేగంతో, గంటకు 50 మి.లీ. మీద మళ్లీ మొదలుపెడితే 40 నిమిషాలు పట్టింది. ఈసారి బీపీ 90 కిందకు రాలేదు.

నోరు ఎండిపోయి, పొద్దున్నుంచి మూత్రం పోయలేదని ముందే తెలిస్తే నేను మెగ్నీషియం కంటే ముందే సెలైన్ మొదలుపెడతాను. అయితే ఆస్తమా పిల్లలకు నీరు అతిగా ఎక్కించడం కూడా మంచిది కాదు, ఊపిరితిత్తుల్లో చేరుతుంది. 10 మి.లీ. ఇచ్చి చూసి, అవసరమైతేనే మళ్లీ.

అదే బీపీ పతనం వేరే రూపంలో కూడా రావచ్చు. చేతులు చల్లగా ఉండి, ఒక పక్క ఛాతీలో గాలి శబ్దం లేకపోతే అది మెగ్నీషియం పని కాదు. ఊపిరితిత్తి చిల్లుపడి గాలి బయట చేరి గుండెను నొక్కుతోందేమో చూడాలి. సెలైన్ ఇస్తూ కూర్చుంటే టైమ్ పోతుంది.

లక్షణం: ముఖం ఎర్రబడి, ఒళ్లంతా వేడిగా ఉందంటున్నాడు, చెయ్యి మండుతోందంటున్నాడు

బీపీ, ఆక్సిజన్ బాగుంటే వేడి, ఎరుపు భయపడాల్సినవి కావు. మందు ఆగాక తగ్గిపోతాయి. తల్లిదండ్రులకు ముందే చెప్పి ఉంచితే వాళ్లకు టెన్షన్ ఉండదు. మంట మాత్రం చిన్న నరంలో మందు చిక్కగా వెళ్తోందని చెబుతుంది. కాన్యులా ఉన్న చోట వాపు ఉందేమో చూసి, ఉంటే వేరే నరం వెతకాలి. వాపు లేకపోతే వేగం తగ్గిస్తే చాలు. హైడ్రోకార్టిజోన్, సోడియం బైకార్బొనేట్, కాల్షియం ఈ లైన్‌లో కలపకండి.

లక్షణం: పిల్లాడు మగతగా ఉన్నాడు, ఊపిరి వేగం తగ్గింది

ఇక్కడ రెండు కారణాలను వేరు చేయాలి. ఆస్తమాతో అలసిపోయి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిన పిల్లాడు కూడా ఇలాగే ‘నిమ్మళించినట్టు’ కనిపిస్తాడు. కిడ్నీలు బాగున్న పిల్లాడికి సరైన లెక్కతో ఇచ్చిన ఒక్క డోసు ఊపిరిని అణచే స్థాయికి చేరడం చాలా అరుదు. కాబట్టి మొదట అలసటనే అనుమానించాలి: పిల్లికూతలు తగ్గి ఛాతీ నిశ్శబ్దమైందా, ఆక్సిజన్ పడిపోతోందా.

తేల్చడానికి మోకాలి కింద సుత్తితో కొట్టి చూడండి. మెగ్నీషియం ఎక్కువైతే ఊపిరి మందగించేకంటే ముందే మోకాలి కుదుపు పోతుంది. అందుకే మొదలుపెట్టేముందు కూడా ఒకసారి చూసి రాసి పెట్టుకోవాలి. కుదుపు ఉంటే కారణం ఆస్తమాయే, మత్తు డాక్టర్‌ను పిలవండి. కుదుపు పోయిందంటే మందు ఆపి, సిరంజి లెక్క, ఖాళీ ఆంప్యూళ్లు చూడండి. విరుగుడు 10 శాతం కాల్షియం గ్లూకొనేట్, కేజీకి 0.5 మి.లీ. 18 కేజీలకు 9 మి.లీ. గుండె మానిటర్ చూస్తూ 5-10 నిమిషాల్లో నెమ్మదిగా, వేరే లైన్‌లో ఇవ్వాలి. ఊపిరి చాలకపోతే దానికోసం ఆగకుండా మాస్క్, బ్యాగ్‌తో గాలి ఇవ్వండి. ఆ 9 మి.లీ. కాల్షియం సిరంజి, మెగ్నీషియం మొదలుపెట్టే ముందే ట్రేలో ఉండాలి. కిడ్నీ జబ్బు, గుండె బ్లాక్, మయస్థీనియా ఉన్న పిల్లలకు మెగ్నీషియం పెద్ద డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టవద్దు.

లక్షణం: మందంతా అయిపోయినా మార్పు లేదు

ప్రభావం సాధారణంగా 20 నిమిషాల్లో కనిపిస్తుంది. ముందు చూడాల్సింది మందు నిజంగా నరంలోకే వెళ్లిందా అని. వెళ్లింది, అయినా తగ్గలేదంటే అదే మెగ్నీషియాన్ని వెంటనే ఇంకోసారి ఎక్కించవద్దు. నెబ్యులైజేషన్ ఆపకుండా నడిపిస్తూ ఐసీయూ ఉన్న ఆసుపత్రికి పంపే పని మొదలుపెట్టండి. రెఫరల్ చీటీలో ఇలా రాయండి: 18 కేజీలు, మెగ్నీషియం సల్ఫేట్ 900 మి.గ్రా., రాత్రి 10:20కి మొదలు, మధ్యలో బీపీ 80/34, సెలైన్ 180 మి.లీ., 11:25కి పూర్తి, మోకాలి కుదుపు ఉంది. ఈ ఒక్క వరుస లేకపోతే అవతలి డాక్టర్ అదే డోసు మళ్లీ ఎక్కించేస్తారు.