సప్లయర్‌కు దిద్దుబాటు లేఖ – 4వ పాఠం: అదే లోపం మూడోసారి వస్తే

గత పాఠంలో ఒక లాట్‌ను తిప్పి పంపేటప్పుడు రాసే లేఖ చూశాం. దానికి బదులుగా మంచి ముక్కలు వస్తే ఆ పని అయిపోతుంది. అదే లోపం మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం ముక్కలు మార్చి ఇమ్మంటే సరిపోదు, లోపం ఎందుకు పుడుతోందో సప్లయర్‌తో వెతికించాలి. ఈ పాఠం ఆ లేఖ గురించే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మనం కొనే బుష్ లోపలి రంధ్రం 12.000 నుంచి 12.018 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. వరసగా మూడు లాట్లలో కొన్ని రంధ్రాలు 11.99 దగ్గర ఉండిపోయాయి, పిన్ను లోపలికి పోవడం లేదు. మొదటి రెండుసార్లూ సప్లయర్ ఇచ్చిన జవాబు ఒకటే: "ఆపరేటర్‌కు గట్టిగా చెప్పాం."

లేఖ మొదటి పేరాలో కోపం వద్దు, కొలతలు ఉండాలి. ఇలా రాయండి:

"మీ గత మూడు లాట్లలో ఒక్కోదాని నుంచి 100 బుష్‌లు కొలిచాం. వరసగా 3, 4, 3 ముక్కల్లో రంధ్రం చిన్నదిగా ఉంది. అవన్నీ ప్రతి లాట్‌లోనూ చివరి రెండు పెట్టెల్లోనే దొరికాయి. ఇదే లోపంపై మీరిచ్చిన రెండు జవాబులను జతచేశాం."

చివరి పెట్టెల మాట చిన్నదిగా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో ఈ లేఖకు ప్రాణం అదే. ఆపరేటర్ పరధ్యానమే కారణమైతే తప్పులు లాట్ అంతటా చెదిరి ఉండాలి. చివర్లోనే గుంపుగా ఉన్నాయంటే, పని సాగేకొద్దీ ఏదో అరిగిపోతోందని అనుమానించాలి. కానీ ఆ అనుమానాన్ని లేఖలో కారణంగా రాయకండి. మనం కారణం చెప్పేస్తే వాళ్లు సరేనని ఒప్పుకుని వెతకడం మానేస్తారు.

తర్వాత రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి: లోపం ఎందుకు పుట్టింది? పుట్టిన లోపం మీ తనిఖీకి చిక్కకుండా మా దాకా ఎలా వచ్చింది? చాలా లేఖల్లో రెండో ప్రశ్న ఉండదు. మన ఉదాహరణలో సప్లయర్ వెతికాక రెండింటికీ వేర్వేరు జవాబులు తేలాయి. రంధ్రం నునుపు చేసే రీమర్ అరిగి చిన్న రంధ్రం కోస్తోంది, ఎన్ని ముక్కలకు దాన్ని మార్చాలో ఎక్కడా రాసి లేదు. ఇక తనిఖీకి వాడే ప్లగ్ గేజ్‌లో, రంధ్రం చిన్నదైతే దూరకూడని 'గో' వైపు కూడా అరిగి సన్నబడింది, అందుకే చిన్న రంధ్రంలోకీ దూరిపోతోంది. రీమర్ ఒక్కటే మార్చి ఊరుకుంటే, రేపు ఇంకో కారణంతో రంధ్రం చిన్నదైనా ఆ గేజ్ పట్టుకోదు.

గడువులు ఒకటి కాదు, మూడు పెట్టండి. రెండు రోజుల్లో వాళ్ల స్టోర్‌లో, దారిలో, మన దగ్గర ఉన్న సరుకంతా ఏరాలి. ఆ ఏరడం పాత గేజ్‌తో కాకుండా వేరే కొలత పరికరంతో జరగాలని లేఖలోనే రాయండి, ఎందుకంటే ఈ ముక్కల్ని ఒకసారి పాస్ చేసింది ఆ గేజే. పది పనిదినాల్లో మూలకారణం, దానికి ఆధారాలు రావాలి. ముప్పై రోజుల్లో మార్పు అమలు కావాలి. ప్రతి గడువు పక్కనా సప్లయర్ వైపు బాధ్యుడి పేరు అడగండి.

కారణం నిజమైనదో కాదో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. అరిగిన రీమర్ మళ్లీ పెడితే లోపం రావాలి, కొత్తది పెడితే పోవాలి. ఈ రెండు కొలతల షీట్లూ పంపమనండి. "శిక్షణ ఇచ్చాం" అన్న జవాబు ఈ పరీక్షకు నిలబడదు.

చివరిది, మార్పు పనిచేసిందని ఎలా నమ్మాలి? లాట్‌లో 3 శాతం లోపం ఉన్నప్పుడు 20 ముక్కలే చూస్తే, ఒక్కటీ దొరకకుండా పోయే అవకాశం సగం కంటే ఎక్కువ (ఇరవై 0.97లను ఒకదానితో ఒకటి గుణిస్తే సుమారు 0.54). 100 ముక్కలు చూస్తే ఆ అవకాశం దాదాపు 5 శాతానికి పడిపోతుంది. అందుకే కారణం తేలాక ఇలా రాయండి:

"మార్పు తర్వాత వచ్చే మూడు లాట్లలో ఒక్కోదాని నుంచి 100 ముక్కలు కొలుస్తాం. అందులో సగం చివరి రెండు పెట్టెల నుంచి తీస్తాం. మూడింటిలోనూ ఒక్క లోపం కూడా లేకపోతేనే ఈ అభ్యర్థనను ముగిస్తాం. గేజ్ కాలిబ్రేషన్ రికార్డు, రీమర్ మార్చిన లెక్కల పుస్తకం కాపీలు ప్రతి లాట్‌తో పంపగలరు."

అభ్యాసం: మీ దగ్గర ఇలా రెండుసార్లు తిరిగొచ్చిన లోపం ఒకటి తీసుకోండి. తప్పు ముక్కలు లాట్‌లో ఎక్కడ దొరికాయో రాసి, మొదటి పేరా, రెండు ప్రశ్నలు మాత్రం తయారు చేయండి. గడువు దాటినా జవాబు రాకపోతే ఏం రాయాలో 5వ పాఠంలో చూద్దాం.