దసరాకు వాడని దండలు – రెండో పాఠం: ముడతల కాగితంతో ముద్దబంతి

పోయిన పాఠంలో కాగితం, గుడ్డ ఎంచుకోవడం చూశాం. ఈసారి ముడతల కాగితంతో, అంటే అంగళ్లలో క్రేప్ పేపర్ అని అమ్మేదానితో, తలవాకిలికి ముద్దబంతి దండ కడదాం. ప్రొద్దుటూరు, కడప వైపు దసరా అంటే వాకిలి రోజూ కళకళలాడాలి. పచ్చి బంతి మూరలు కొని కట్టినా రెండో రోజుకే వాడిపోతాయి. దేవుడి పటానికి మాత్రం నాలుగు పచ్చిపూలే పెట్టుకోండి. ఈ దండ వాకిలికి, గోడలకే.

ముందు లెక్క. వాకిలి వెడల్పు 36 అంగుళాలు అనుకుందాం. పైన కాస్త వేలాడాలి కాబట్టి అడ్డదండకు 42 అంగుళాలు, పక్కలకు 30 చొప్పున రెండు. మొత్తం 102 అంగుళాలు, ఆరు మూరలకు కొంచెం తక్కువ. ఒక్కో పువ్వు మందం అంగుళం, పువ్వుకూ పువ్వుకూ మధ్య అర అంగుళం స్ట్రా ముక్క. అంటే పువ్వుకు అంగుళంన్నర చొప్పున 68 పూలు. 20 అంగుళాల వెడల్పు, 2 మీటర్ల పొడవున్న కాగితం ఒకటి తెస్తే 30 పూలు వస్తాయి. నారింజ రెండు, పసుపు ఒకటి తెచ్చుకుంటే పాడైనవి పోయినా సరిపోతాయి. కొనేటప్పుడు కొలత చూసుకోండి, అన్నీ ఒకే సైజులో రావు.

మడత విప్పకుండానే, కూరగాయ తరిగినట్టు అడ్డంగా 2 అంగుళాల ముక్కలు కోయండి. విప్పితే పొడుగాటి పట్టీలు వస్తాయి. ఒక్కో పట్టీని 24 అంగుళాల చొప్పున మూడు చేయండి. ఇప్పుడు పట్టీని వెలుగుకు పట్టి చూడండి: ముడత గీతలు పట్టీ వెడల్పు వైపు పోవాలి. పొడవు వైపు పోతుంటే రేకులు సాగి, మర్నాటికి తడిసిన గుడ్డలా వేలాడతాయి. ఎక్కువమంది పూలు చెడేది ఇక్కడే.

పట్టీని మూడుసార్లు సగానికి మడిస్తే 3 అంగుళాల పొడవు వస్తుంది. రెండు అంచుల నుంచీ ముప్పావు అంగుళం లోపలికి సన్నగా కత్తిరించుకుంటూ పోండి, రేకు అగ్గిపుల్లంత వెడల్పుంటే చాలు. నడుమ అర అంగుళం వెన్నులా మిగలాలి. వెన్ను సన్నబడితే కుచ్చు పెట్టేటప్పుడు పట్టీ తెగుతుంది. కత్తెర మొద్దుదైతే కాగితం తెగదు, చిరుగుతుంది.

తర్వాత సూదిలో రెండు పేటల లావు నూలుదారం ఎక్కించి, చివర జానెడు దారం వదిలి, అక్కడ ముడితో పాటు చిన్న గుండీ కట్టండి. గుండీ లేకపోతే ముడి కాగితంలోంచి జారి వచ్చేస్తుంది. సన్నటి మిషను దారం వద్దు, అది వెన్నును కోసేస్తుంది. వెన్ను నడుమ అర అంగుళం దూరంలో కుట్లు వేసుకుంటూ పోండి. పట్టీ అంతా కుట్టాక దారాన్ని లాగకండి. దారం బిగువుగా పట్టుకుని, కాగితాన్నే వేళ్లతో గుండీ వైపు నెట్టండి. 24 అంగుళాలు అంగుళానికి వచ్చాక, ఆ కుచ్చును బొటనవేలితో, చూపుడువేలితో పట్టుకుని దారం చుట్టూ ఒకటి రెండు చుట్లు తిప్పండి. అంతవరకూ రెండు వైపులే నిలబడిన రేకులు అన్ని వైపులకూ విచ్చుకుంటాయి, పువ్వు గుండ్రం తిరుగుతుంది. తిప్పకపోతే చపటగా, జాకెట్టు కుచ్చులా ఉండిపోతుంది.

ఇక స్ట్రా ముక్క ఎక్కించండి. దాన్ని దాటిన సూదిని మళ్లీ మొదటి వైపు నుంచే ఒకసారి దూర్చి లాగితే, దారం స్ట్రాను చుట్టి బిగుసుకుంటుంది. ఇలా చేయని అడ్డదండలో పూలన్నీ జారి నడుమకు చేరతాయి, రెండు కొసలూ బోసిగా దారంతో మిగులుతాయి. అడ్డదండకు 28, పక్కదండలకు 20 చొప్పున ఎక్కించి, కట్టుకోవడానికి రెండు వైపులా జానెడు దారం వదలండి. మూడూ విడివిడిగా ఉంటే ఒకటి పాడైనా అదొక్కటే మార్చుకోవచ్చు.

ఈ కాగితానికి నీళ్లంటే గండం. కోసే ముందే ఓ చిన్న ముక్కను తడిపిన తెల్లగుడ్డలో నిమిషం నొక్కి చూడండి. గుడ్డకు రంగంటితే, వాన జల్లు పడే వాకిలికి ఆ కాగితం కట్టకండి, సున్నం గోడ మీద నారింజ చారలు దిగుతాయి. అలాంటి వాకిళ్లకు గుడ్డ దండే సరి, అది మూడో పాఠంలో. నిప్పు సంగతి మరీ ముఖ్యం: దీపం, హారతి, అగరొత్తుల పైన గానీ పక్కన గానీ ఈ దండ వేలాడకూడదు. కాగితం అంటుకుంటే ఆర్పే వ్యవధి ఉండదు.

వచ్చే పాఠానికి ముందు ఐదు పూలే కట్టి, రాత్రంతా మేకుకు వేలాడదీయండి. పొద్దున కొలిస్తే ఏడున్నర అంగుళాలే ఉండాలి. పెరిగిందంటే స్ట్రా దగ్గర దారం బిగియలేదు, 68 కట్టకముందే అది సరిచేసుకోండి.