"లేటైతది సార్" మెసేజ్‌ను ఓనర్‌కు పంపే అప్‌డేట్‌గా మార్చడం: నా అనుభవం

హన్మకొండ సైట్ నుంచి "స్లాబ్ లేటైతది సార్, సెంట్రింగ్ కాలే" అని వాట్సాప్ వస్తది. దాన్ని అట్లనే ఓనర్‌కు పంపితే వెంటనే ఫోన్. ఎక్సెల్ షీటూ, పొడుగు మెయిలూ పంపి చూశా, ఎవరూ చదవలేదు.

పనిచేసింది ఇది. ముందు మేస్త్రీని ఒక్కటే అడగాలి: కాంక్రీట్ ఏ రోజు పోస్తరు? జూన్ 12 కాస్తా 18 అయింది. అక్కడి నుంచి ముందుకు లెక్క కట్టాలి. 4.5 మీటర్ల లోపు స్లాబ్ స్పాన్‌కు కింది సపోర్టులు కాంక్రీట్ పోశాక కనీసం 7 రోజులు ఉండాలి, అంటే కింద గోడల పని 25కు ముందు మొదలవదు. ఓనర్ ఎంత తొందరపెట్టినా ఈ 7 రోజుల్లో కోత పెట్టొద్దు.

తర్వాత పంపింది: "స్లాబ్ 12 నుంచి 18కి మారింది. కారణం సెంట్రింగ్ షీట్ల కొరత. తక్కువైనవి రేపు కిరాయికి వస్తున్నాయి. ఈలోగా స్టీల్ కటింగ్ పూర్తి చేస్తాం. గోడలు 25న మొదలు. మళ్లీ 15న చెప్తాం."

వాన వల్ల ఆగితే మాత్రం ఒక్క తేదీ నిలవదు. 18–21 అని రాయడమే నయం.