శ్లాబు కింద చెమ్మ: తప్పు డాబాదా, బాత్రూందా?

కోనసీమ, భీమవరం వైపు రెండంతస్తుల ఇళ్లలో తరచూ కనబడేది ఇది: పైన బాత్రూం, దాని పక్కనే డాబా, కింద గది సీలింగు మూలలో చెమ్మ మరక. డాబాకి రంగు పూసేసి చూస్తారు, మరక మాత్రం పోదు. ముందు నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో తేల్చాలి.

మరక ఎప్పుడు తడుస్తుంది?

అక్టోబరు, నవంబరు వానల్లో ఉబ్బి, ఏప్రిల్‌కి ఎండిపోతే డాబాని అనుమానించండి. మే నెలలోనూ తడిగానే ఉంటే బాత్రూం లేదా పైపు.

బాత్రూంని పరీక్షించాలంటే నేల నీళ్లు బయటికి పోయే ట్రాప్ నోటిని గుడ్డతో గట్టిగా బిగించి, నేల మీద అంగుళం నీళ్లు నిలపండి. గోడ మీద పెన్సిల్ గీత గీసి 24 గంటలు వదిలేయండి. పక్కన ఓ గిన్నెలో కూడా నీళ్లు పెట్టండి. ఆవిరి వల్ల రెండూ కొంచెం తగ్గుతాయి. గిన్నెలో కంటే నేల మీద ఎక్కువ తగ్గితే, బిగింపు వదల్లేదని చూసుకున్నాక, తప్పు నేలది. నీళ్లు తగ్గకుండా, గుడ్డ తీశాక మరక పెరిగితే డ్రైన్ పైపు అతుకు. దేనికీ సంబంధం లేకుండా పెరుగుతుంటే గోడలోని సప్లై పైపు.

నేలదే తప్పయితే

టైల్స్ మధ్య తెల్ల సిమెంటు నీటిని ఆపదు, ఆపాల్సింది కింది పొర. అందుకే పైన పూసే మందులు కొన్నాళ్లే. టైల్స్ తీసి, ట్రాప్ చుట్టూ గాడి చేసి నింపి, రెండు భాగాలు కలిపే పాలిమర్ సిమెంటు కోటింగు రెండు పూతలు వేయండి. రెండోది మొదటిదానికి అడ్డంగా. గోడ మీదకి అడుగు ఎత్తు, స్నానం చేసే చోట ఆరడుగులు. 5×7 అడుగుల గదికి నేల 35 చదరపు అడుగులు, అడుగు ఎత్తు గోడ 24. మొత్తం సుమారు 5.5 చదరపు మీటర్లు. పూతకి చదరపు మీటరుకి కిలో లెక్కన రెండింటికి 11 కిలోలు, స్నానం గోడకి అదనం. ఆరాక టైల్స్ వేసేముందు నీళ్ల పరీక్ష మళ్లీ చేయండి. ఇంత చిన్న గదిలో, ఇన్ని పైపుల చుట్టూ మెంబ్రేన్ షీటు సరిగా అతకడం కష్టం. ఇక్కడ కోటింగే నయం.

డాబాదే తప్పయితే

కారేది ఎక్కువగా మధ్యలో కాదు. పిట్టగోడ మొదట్లో, తూము చుట్టూ. అక్కడ మూలని ఏటవాలుగా సిమెంటుతో నింపాకే పూత. వాటం పదడుగులకి అంగుళమైనా ఉండాలి. నీళ్లు నిలిచే చోట అక్రిలిక్ పూత మెత్తబడి లేచిపోతుంది; వాటం సరిచేయలేకపోతే పాలీయురిథేన్ మేలు. వడియాలు, కొబ్బరి ఎండబెట్టే డాబాకి, శ్లాబు పగుళ్లు కదులుతుంటే, మంటతో అతికే తారు మెంబ్రేన్ వేసి, ఒక షీటు మీదకి ఇంకోటి నాలుగంగుళాలు ఎక్కేలా అతికి, పైన కాంక్రీటు పొర పోయించండి. దానికి శ్లాబు పూర్తిగా ఎండాలి: రాత్రి పాలిథీన్ కాగితం అంచులు అతికించి, తెల్లారి కింద చెమ్మ ఉంటే ఆగండి. తడి మీద వేస్తే ఆవిరికి బొబ్బలెక్కుతుంది. ఈ పని ఫిబ్రవరి నుంచి మే లోపు పెట్టుకోండి.