మావయ్య పదకోశం పట్టికలోకి ఎలా వచ్చిందంటే

విజయనగరంలో మా మావయ్య మన వైపు మాటలన్నీ వర్డ్‌లో టైప్ చేసి పెట్టారు, కానీ అంతా పేరాలే: "గుంట అంటే ఆడపిల్ల; బేగి అంటే త్వరగా; ఒగ్గేయడం అంటే వదిలేయడం, అంటే ఇక పట్టించుకోకపోవడం;". అందులో ఒక మాట వెతకాలంటే తల ప్రాణం తోకకొచ్చేది.

ముందు వర్డ్‌లో Ctrl+H కొట్టి సెమికోలన్ బదులు ^p పెట్టాను. ఒక్కో మాటా ఒక్కో లైనైంది. తర్వాత "అంటే" బదులు ట్యాబ్ పెడితే, ఒగ్గేయడం దగ్గర రెండు "అంటే"లు ఉండటంతో మూడో గడి పుట్టింది. అది అన్‌డూ చేసి, లైన్లన్నీ ఎక్సెల్ A కాలమ్‌లో అతికించాను. FIND మొదటి "అంటే" దగ్గరే ఆగుతుంది కాబట్టి, B1లో మాటకి, C1లో అర్థానికి ఈ సూత్రాలు రాసి కిందికి లాగాను.

```
=TRIM(LEFT(A1,FIND(" అంటే ",A1)-1))
=MID(A1,FIND(" అంటే ",A1)+6,300)
```

మొదట +6 బదులు +4 వేశాను. కంటికి "అంటే" రెండక్షరాలే కదా, రెండు స్పేసులు కలిపితే నాలుగు. తీరా చూస్తే ప్రతి అర్థం ముందూ చుక్కల సున్నాకి తగులుకున్న ఏత్వం! ఎక్సెల్ లెక్కలో అ, సున్న, ట, ఏత్వం నాలుగూ వేర్వేరు.

కొన్ని వరసల్లో #VALUE! వచ్చింది. అక్కడ మావయ్య "అనగా" అని రాశారు, వాటిని చేత్తో దిద్దాను. TRIM లేకపోతే సెమికోలన్ తర్వాతి స్పేసు మాట ముందు మిగిలిపోయి, ఆ మాటలు వరస తప్పి పైకెళ్లి కూర్చుంటాయి.

చివరికి B, C కాలమ్‌లని వాల్యూస్‌గా అతికించి, A తీసేసి, మాటల కాలమ్ మీద సార్ట్ చేశాను. "అప్ప అన్న మాట పైకొచ్చిందేటిరా?" అన్నారు మావయ్య.